రిఫరెన్స్ ఇచ్చే సారుకి ముందే ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి

"మాది రణస్థలం దగ్గర. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో నాలుగేళ్లు చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అయి సెలెక్ట్ అయ్యాను, ఇద్దరు రిఫరెన్సులు అడుగుతున్నారు. ఇంటర్వ్యూలో నలుగురి టీమ్‌ని లీడ్ చేశానని చెప్పాను. మా మేనేజర్ గారికి ముందే ఫోన్ చేసి ఇలా చెప్పండి అని అడగొచ్చా? ఆయన మాటా నా మాటా తేడా వస్తే ఆఫర్ పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది."

ఫోన్ చేయండమ్మా, తప్పకుండా చేయండి. అయితే "ఇలా చెప్పండి సార్" అని కాదు. "ఇంటర్వ్యూలో నేను ఇలా చెప్పాను సార్, మీకు గుర్తున్నది కూడా ఇదేనా, ఎక్కడైనా తప్పు చెప్పానా" అని అడగండి. ఈ రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి గానీ మొదటిదాంట్లో ఆయన మీ మాటకి సర్దుకోవాలి, రెండోదాంట్లో మీరు జరిగినదానికి సర్దుకుంటారు. రిఫరెన్స్ కాల్‌లో నిలబడేది ఆ రెండోదే.

నేను బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మొదలుపెట్టి ప్లాంట్ హెచ్ఆర్‌లోనే పదిహేడేళ్లు చేశాను, ఉండేది విజయనగరం. రిఫరెన్స్ కోసం ఫోన్లు చేసినవాణ్ణి, మా దగ్గర మానేసినవాళ్ల గురించి వచ్చిన ఫోన్లకి జవాబు చెప్పినవాణ్ణి కూడా. అందుకని రెండువైపులా ఏం జరుగుతుందో చెప్తాను.

ముందు ఒకటి విడదీసి చూడండి. మీ గురించి వెళ్లే ఎంక్వైరీలు రెండు. ఒకటి మీ పాత కంపెనీ హెచ్ఆర్‌కి వెళ్తుంది. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఎంప్లాయీ నంబర్, బాకీలేమైనా ఉన్నాయా, మళ్లీ తీసుకుంటారా, ఇంతే. దాన్ని రిజిస్టర్ చూసి చెప్తారు, మీ మేనేజర్‌కి దానితో సంబంధం ఉండదు. రెండోది మీరు పేరు ఇచ్చిన మనిషికి వెళ్లే ఫోన్. అది పది నిమిషాలు ఉంటుంది, అంతా ఆయన జ్ఞాపకం మీద నడుస్తుంది. మనవాళ్లు మొదటిదానికి భయపడతారు, రెండోదాన్ని "సార్ మనవాడే, మంచిగానే చెప్తాడు" అని వదిలేస్తారు. నేను చూసిన తేడాల్లో ఎక్కువ భాగం ఈ "మనవాడే" అనుకున్న చోటే వచ్చాయి. సారుకి మీ మీద అభిమానం ఉన్నంత మాత్రాన మీరు రెండేళ్ల కిందట చేసిన పని గుర్తుండాలని లేదు కదా. ఆయన కింద పాతికమంది పనిచేసి ఉంటారు, ఆ మధ్యలో రెండు ఆడిట్‌లు అయిపోయి ఉంటాయి.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను. చీపురుపల్లి కుర్రాడు, మాకు తెలిసినవాళ్ల అబ్బాయే, మీలాగే క్యూసీ, మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద పని. ఇంటర్వ్యూలో ఏం చెప్పాడంటే, "మా ల్యాబ్‌లో ఒక ప్రొడక్ట్‌కి పదే పదే రిపీట్ అనాలిసిస్‌లు పడేవి, కారణం కనిపెట్టి నేను తగ్గించాను" అని. ఇంటర్వ్యూ చేసినవాళ్లకి బాగా నచ్చింది. నచ్చింది కాబట్టే రిఫరెన్స్ కాల్‌లో మొట్టమొదట అదే అడిగారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో మీరు చెప్పినవాటిలో ఏది వాళ్లకి బాగా నచ్చిందో దాని గురించే ఫోన్‌లో గుచ్చి అడుగుతారు.

వాళ్ల మేనేజర్ గారు షిఫ్ట్ మారే టైమ్‌లో ఫోన్ ఎత్తారు. ఎవరి గురించో అర్థం కావడానికే అరనిమిషం పట్టిందట. "ఆ రిపీట్‌లు తగ్గించింది అతనేనా సార్?" అంటే, "అది ఆడిట్ ముందు డిపార్ట్‌మెంట్ అంతా కూర్చుని చేశామండీ, అతనూ ఉన్నాడు, మంచి కుర్రాడు" అన్నారు. ఆయన మంచిమాటే చెప్పాననుకుని ఫోన్ పెట్టేశారు. అవతల రిపోర్ట్‌లో మాత్రం క్యాండిడేట్ చెప్పినదాన్ని రిఫరీ ధృవీకరించలేదని పడింది. ఆఫర్ లెటర్ ఆగిపోయింది, వీడికి వణుకు పుట్టి నాకు ఫోన్ చేశాడు.

నేను వాణ్ణి అడిగింది ఒక్కటే. నువ్వు చేసింది సరిగ్గా ఏమిటి, "తగ్గించాను" అన్న మాట వాడకుండా చెప్పు. అప్పుడు బయటికొచ్చింది అసలు విషయం. ఆ మెషీన్‌లోకి పంపే ద్రవాన్ని, అంటే మొబైల్ ఫేజ్‌ని, తయారుచేసేటప్పుడు బఫర్ పీహెచ్‌ని అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ కలపకముందే సరిచేయాలి. వాళ్ల పద్ధతి కాగితంలో, అంటే ఎస్‌టీపీలో, పీహెచ్ ఎంత ఉండాలో ఉంది గానీ కలపకముందా కలిపాకా అన్నది స్పష్టంగా లేదు. నైట్ షిఫ్ట్‌లో ఒకాయన అంతా కలిపేశాక మీటర్ పెట్టి సరిచేసేవాడు. సాల్వెంట్ కలిశాక మీటర్ చూపించే అంకె వేరు, అందుకని పీక్‌లు వచ్చే టైమ్ జరిగిపోయి మెషీన్ సరిగ్గా నడుస్తోందో చూసే సిస్టమ్ సూటబిలిటీ పరీక్ష ఫెయిలయ్యేది, మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చేది. వీడు మూడు వారాల లాగ్‌బుక్ వెనక్కి తిప్పి చూస్తే ఫెయిలైనవన్నీ ఆ షిఫ్ట్‌లో తయారుచేసిన మొబైల్ ఫేజ్‌తోనే అని కనబడింది. ఆ లాగ్‌బుక్ పట్టుకెళ్లి మేనేజర్‌కి చూపించాడు. వాడి పాత్ర అంతవరకే, కానీ అది చిన్న పని కాదు.

"పోయి ఇది సారుకి గుర్తుచెయ్" అన్నాను. ఫోన్‌లో కాదు, నేరుగా వెళ్లమన్నాను. హైవే మీద టీ కొట్టు దగ్గర కలిశారు. "సార్, నైట్ షిఫ్ట్ మొబైల్ ఫేజ్ సంగతి, లాగ్‌బుక్ మీ టేబుల్ మీద పెట్టి చూపించాను" అని వీడు మొదలుపెట్టేసరికే ఆయన మొహం మారిపోయిందట. "ఓ, అదేటి! అది నువ్వే కదరా పట్టుకున్నావు! ఆళ్లు రిపీట్‌లు రిపీట్‌లు అంటే నేను ఆడిట్ ముందు చేసినదనుకున్నాను" అన్నారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నారు. "కానీ ఎస్‌టీపీ మార్చింది నువ్వు కాదు, ఛేంజ్ కంట్రోల్ వేసింది నేను. మిగతావాళ్లకి ట్రైనింగ్ ఇచ్చింది కూడా వేరే ఆయన."

అసలు ఆ కలయికలో పనికొచ్చింది ఈ రెండో మాటే. ఆయన జ్ఞాపకం ఎంత సరిదిద్దుకుందో వీడి కథా అంతే సరిదిద్దుకుంది. అదే రోజు వీడు కొత్త కంపెనీ హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాడు. కారణం కనిపెట్టి చూపించింది నేను, పద్ధతి మార్చింది మా మేనేజర్, ట్రైనింగ్ ఇచ్చింది మా సీనియర్, ఇంటర్వ్యూలో ఇది విడదీసి చెప్పలేదు, సార్‌తో మళ్లీ మాట్లాడవచ్చు అని. వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి ఆయన లాగ్‌బుక్ దగ్గరనుంచి చెప్పుకొచ్చారు, వీడికి చెందనిది ఏదో కూడా తనే చెప్పారు. వీడు చేరాడు. ఈ పనంతా ఇంటర్వ్యూకి ముందే చేసి ఉంటే మధ్యలో ఆ పదకొండు రోజులు నిద్రలేకుండా గడిపేవాడు కాదు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఏమిటంటే, మీరూ సారూ కలవాల్సినవి మూడే మూడు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఏ హోదాలో ఆయన కింద పనిచేశారు, ఇంటర్వ్యూలో చెప్పిన ఆ ఒకటి రెండు పనుల్లో మీ చెయ్యి ఎంతవరకు, ఎందుకు మానేశారు. మిగతావి కలవక్కర్లేదు. మీరు మీ లోపం "డాక్యుమెంటేషన్ నెమ్మది" అని చెప్పి ఉండొచ్చు, ఆయన "కొంచెం మొహమాటం, మీటింగ్‌లో నోరు విప్పదు" అనొచ్చు. అది తేడా కాదు, ఇద్దరు మనుషులు రెండు వైపులనుంచి చూశారంతే. నిజానికి అలా ఉంటేనే అవతలివాళ్లకి నమ్మకం.

తేదీల గురించి పైడిభీమవరంవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మన దగ్గర చాలామంది ముందు కాంట్రాక్టర్ కింద చేరి, ఆర్నెల్లకో ఏడాదికో కంపెనీ రోల్స్‌లోకి వస్తారు. రెజ్యూమేలో మాత్రం మొత్తం కంపెనీ పేరు మీదే రాసేస్తారు. హెచ్ఆర్ రోల్స్‌లోకి వచ్చిన తేదీ చెప్తుంది, మేనేజర్ మొదటిరోజు నుంచి లెక్కవేసి చెప్తారు, ఈపీఎఫ్‌ఓ సైట్‌లో మీ యూఏఎన్ కింద సర్వీస్ హిస్టరీ తీస్తే కాంట్రాక్టర్ పేరు ఒకటి, కంపెనీ పేరు ఒకటి విడివిడిగా కనబడతాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా మూడు చోట్లా మూడు రకాలుగా కనబడుతుంది. మీది అలాంటిదే అయితే రెజ్యూమేలో రెండు లైన్లుగా రాయండి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో కూడా అలాగే నింపండి, సారుకి కూడా "మొదటి ఏడు నెలలు కాంట్రాక్టర్ రోల్స్ సార్" అని గుర్తుచేయండి. ఈపీఎఫ్ హిస్టరీ ముందు మీరు తీసి చూసుకోండి, మానేసిన తేదీ పాత కంపెనీ ఎక్కించిందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇక మూడోది, మానేసిన కారణం. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ మనం ఇద్దరికీ రెండు చెప్తాం. రిజైన్ చేసేటప్పుడు సారుని నొప్పించకూడదని "నాన్నగారికి బాగోలేదు సార్, ఇంటి దగ్గర ఉండాలి" అంటాం. ఇంటర్వ్యూలో "అక్కడ ఎదుగుదల లేదు" అంటాం. ఆ చీపురుపల్లి కుర్రాడిది కూడా సరిగ్గా ఇదే. వాళ్ల నాన్నకి మోకాలి ఆపరేషన్ అయిన మాట నిజం, మూడేళ్లు ప్రమోషన్ రాని మాటా నిజం. కానీ సారుకి మొదటిదే తెలుసు. అవతల ఫోన్‌లో "ఎందుకు మానేశాడు సార్" అంటే ఆయన పాపం జాలిగా ఆపరేషన్ సంగతి చెప్తారు, విన్నవాళ్లకి మాత్రం ఈ అబ్బాయి ఎక్కడో ఒకచోట అబద్ధం ఆడాడు అనిపిస్తుంది.

దీనికి దగ్గరదారి లేదు. సారు దగ్గర కూర్చుని, "అప్పుడు మీకు సగమే చెప్పాను సార్, ప్రమోషన్ రాకపోవడం కూడా ఒక కారణం, మీరు బాధపడతారని అనలేదు, ఇంటర్వ్యూలో అది చెప్పాను" అని ఒప్పుకోవాలి. ఆయనకి ఒక క్షణం కష్టంగానే ఉంటుంది. వీడి విషయంలో ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి కాసేపు మాట్లాడలేదట, తర్వాత "ఆ ముక్క అప్పుడే సెప్పుంటే నేను పైవాళ్లని అడిగేవాణ్ణి కదరా" అన్నారట. ఆ మాట విని ఇంటికొచ్చి కుర్రాడు నిజంగా ఏడ్చాడు. అయినా చెప్పాల్సిందే. తెలియని మేనేజర్‌ని ఆ ఫోన్ కాల్‌కి ఎదురుగా నిలబెట్టడం ఆయనకి కూడా అన్యాయం.

ఎంత చెప్పాలి అన్నదానికి వస్తే, ఎక్కువ తయారుచేసినా తెలిసిపోతుంది. ఒకసారి నేను ఒక క్యాండిడేట్ కోసం ఫోన్ చేస్తే అవతలాయన నేను ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు మొదలుపెట్టారు. అది కూడా క్యాండిడేట్ ఇంటర్వ్యూలో వాడిన వాక్యమే, మాట పొల్లుపోకుండా. నేను మామూలుగా "ఆ అమ్మాయి ఏ షిఫ్ట్‌లో ఎక్కువ ఉండేది సార్, పక్కన ఎవరు చేసేవారు" అని అడిగాను. కాగితం తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆయన చెడ్డవారు కాదు, ఆ అమ్మాయి రెండు పేజీలు రాసి పంపింది, ఆయన శ్రద్ధగా చదివారు. దాంతో ఆ అమ్మాయి నిజంగా చేసిన పని కూడా నాకు నమ్మబుద్ధి కాలేదు. ఫోన్ చేసేవాళ్లు వినేది మెచ్చుకోలు కాదు, చిన్న చిన్న వివరాలు తడుముకోకుండా వస్తున్నాయా అని వింటారు. ఆ వివరాలు ఆయన సొంత జ్ఞాపకంలోంచి రావాలి, మీరు చేయాల్సింది ఆ రోజుని గుర్తుచేయడం వరకే.

కాబట్టి మాట్లాడాక వాట్సాప్‌లో చిన్న మెసేజ్ ఒకటి చాలు. మీ విషయానికి నేను ఇలా రాస్తాను:

"నమస్తే సార్. నిన్న మాట్లాడినట్టే, హైదరాబాద్ కంపెనీలో క్యూసీ సీనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి మీ పేరు ఇచ్చాను. ఈ వారంలో వాళ్లు గానీ వాళ్ల వెరిఫికేషన్ ఏజెన్సీ గానీ ఫోన్ చేయవచ్చు. నేను మీ దగ్గర పనిచేసిన తేదీలు ఇవి. ఇంటర్వ్యూలో ఫలానా ఇన్వెస్టిగేషన్ గురించి, షిఫ్ట్‌లో నేను చూసిన పని గురించి చెప్పాను. మానేసిన కారణం మీకు చెప్పిందే చెప్పాను. మీకు గుర్తున్నది గుర్తున్నట్టే చెప్పండి సార్, గుర్తులేనిది గుర్తులేదనే అనండి. ఇందులో ఏదైనా తప్పుంటే ముందు నాకు చెప్పండి, నేను వాళ్లకి సరిచేస్తాను."

ఇందులో పొగడమని ఎక్కడా లేదు చూడండి. తేదీల చోట తేదీలు రాయండి, ఇన్వెస్టిగేషన్ ఏదో ఆయనకి తట్టేలా ప్రొడక్ట్ గానీ నెల గానీ రాయండి. కానీ పాత కంపెనీ బ్యాచ్ నంబర్లు, రిపోర్టులు పంపకండి, అవి మీవి కావు.

ఇప్పుడు మీ నలుగురి టీమ్ సంగతి. మీరు "లీడ్ చేశాను" అన్నారు, ఆ తర్వాత టెన్షన్ పడుతున్నారు, అంటే మీ మనసుకే ఏదో తెలుసు. నాలుగేళ్ల క్యూసీ అనుభవంలో మామూలుగా జరిగేది ఏమిటంటే, నైట్ షిఫ్ట్‌లో సీనియర్ మీరే అయి ఉంటారు, శాంపిల్స్ ఎవరికి ఏవి అని మీరే పంచి ఉంటారు, కొత్తగా వచ్చిన ఇద్దరికి పని చూపించి ఉంటారు. కానీ వాళ్ల లీవులు, అప్రైజల్ మీ చేతిలో లేవు, వాళ్లు రిపోర్ట్ చేసింది మేనేజర్‌కే. అలా అయితే అది షిఫ్ట్ చూసుకోవడం, టీమ్ లీడ్ కాదు. ఫోన్‌లో అడిగే ప్రశ్న "ఆమె కింద ఎంతమంది రిపోర్ట్ చేసేవారు సార్" అని ఉంటుంది, దానికి మీ సార్ "ఎవరూ లేరండీ" అంటారు. అది నిజం, ఆయన్ని వేరేలా చెప్పమనే హక్కు మీకు లేదు. ఆయన ఒకవేళ మీ కోసం "నలుగురు" అన్నా, హెచ్ఆర్‌కి వెళ్లే ఫారంలో మీ హోదా, మీరు ఎవరికి రిపోర్ట్ చేశారు అన్నవి వస్తాయి, అక్కడ బయటపడితే ఈసారి ఇద్దరి మాటా పోతుంది.

అందుకని వాళ్లు ఫోన్ చేయకముందే, వీలైతే ఇవాళే, కొత్త కంపెనీ హెచ్ఆర్‌కి నాలుగు లైన్లు పంపండి. "ఇంటర్వ్యూలో నలుగురి టీమ్‌ని లీడ్ చేశానని చెప్పాను, ఇంకా స్పష్టంగా చెప్పాల్సింది. షిఫ్ట్‌లో నలుగురు అనలిస్టుల పనిని నేను పంచి చూసుకునేదాన్ని, రిపోర్టింగ్ మాత్రం మేనేజర్ గారికే ఉండేది. రిఫరెన్స్ చెక్‌కి ముందు ఇది మీకు తెలియజేస్తున్నాను." ఇంతే, క్షమాపణలు పేజీలకి పేజీలు వద్దు. దీనివల్ల ఆఫర్ పోయే అవకాశం అసలు లేదని నేను చెప్పను. ఆ పోస్టుకి మనుషుల్ని నడిపిన అనుభవమే ముఖ్యమైతే వాళ్లు మళ్లీ ఆలోచించవచ్చు. కానీ నా టేబుల్ మీదికి ఇలాంటి మెయిల్ వచ్చినప్పుడు నేను ఎవర్నీ తీసేయలేదు. తర్వాత బయటపడ్డవాళ్లని తీసేయాల్సి వచ్చింది, అందులో ఒకరు చేరి రెండు నెలలైంది. సమాచారం తప్పని తేలితే తొలగించవచ్చని ఆఫర్ లెటర్‌లోనే ఒక క్లాజ్ సాధారణంగా ఉంటుంది, మీది తీసి చదవండి.

స్నేహితుణ్ణి మేనేజర్‌గా పెట్టి మాట్లాడించడం గురించి మీరు అడగలేదు గానీ పక్కనుంచి ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ నంబర్ ట్రూకాలర్‌లో చూస్తారు, కంపెనీ బోర్డు నంబర్‌కి చేసి ఫలానా ఆయనకి కలపమంటారు, ఆఫీసు మెయిల్ నుంచి జవాబు అడుగుతారు. పైగా మన ఫార్మా వాళ్లలో ఒకరికొకరు తెలియనివాళ్లు తక్కువ, ఈ కంపెనీలో ఉన్నవాడు ఏదో ఒక రోజు ఆ కంపెనీలో చేసినవాడే.

ఇక ఫోన్ ఎత్తించడం. హైదరాబాద్ నంబర్ నుంచి తెలియని ఫోన్ వస్తే మన సార్లు లోన్ వాళ్లనుకుని కట్ చేస్తారు, ల్యాబ్ లోపల అయితే ఫోనే ఉండదు, గేటు దగ్గర లాకర్‌లో ఉంటుంది. రెండు మూడుసార్లు చేసి దొరక్కపోతే ఏజెన్సీ వాళ్లు వెరిఫై చేయలేకపోయాం అని రాసి వదిలేస్తారు. కాబట్టి సారుని "ఎన్నింటికి వీలుగా ఉంటుంది" అని అడిగి ఆ టైమ్ హెచ్ఆర్‌కి ముందే రాయండి, ఏజెన్సీ పేరు తెలిస్తే ఆయనకి చెప్పండి, మెయిల్ వస్తే స్పామ్‌లో కూడా చూడమనండి. కొన్ని కంపెనీల్లో మేనేజర్లు రిఫరెన్స్ ఇవ్వకూడదని, హెచ్ఆర్ మాత్రమే చెప్పాలని రూల్ ఉంటుంది. మీ సార్ అలా అంటే బలవంతపెట్టకండి, ఇప్పటికే అక్కడ మానేసి వేరేచోట ఉన్న మీ పాత సీనియర్ ఎవరైనా ఉంటే ఆయన పేరు ఇచ్చి, ఆఫీసు మెయిల్ ఎందుకు లేదో ఒక లైన్‌లో రాయండి.

కాల్ అయిపోయాక సారుకి థాంక్స్ చెప్పండి, ఏమడిగారు, మీరేం చెప్పారు అని ఆరా తీయకండి. చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తారు.